గమ్మీ బేర్స్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

బంగారు తల్లీ, కన్నా,

మార్ష్‌మెల్లోలో మాంసం ఎందుకుంటుంది తాతయ్యా, అది చక్కెరే కదా అని ఫోన్లో అడిగారు, అప్పుడు సగమే చెప్పాను, మిగతాది రాస్తున్నా. చక్కెరా గాలీ నిజమే కానీ ఆ గాలిని పట్టి ఉంచేది జెలటిన్. పంది తోలు, ఆవుల తోళ్ళు, ఎముకలు తెచ్చి యాసిడ్‌లోనో సున్నపు నీళ్ళలోనో నానబెట్టి, తర్వాత వేడినీళ్ళలో ఉడికిస్తే వాటిలో ఉన్న కొల్లాజెన్ అనే ప్రొటీన్ కరిగి నీళ్ళలోకి దిగుతుంది, దాన్ని వడకట్టి ఎండబెట్టి పొడి చేస్తారు. రంగు, వాసన దాదాపు ఏమీ ఉండవు, అందుకే నాలుకకి తెలియదు. మన ఒంటి వేడికే కరిగిపోతుంది కాబట్టి గమ్మీ నోట్లో సాగి సాగి మెల్లగా కరుగుతుంది, కంపెనీలు దాన్ని వదలకపోవడానికి కారణం ఇదే.

ఇండియాలో అయితే ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉందా, గోధుమ రంగు త్రికోణం ఉందా చూస్తే సరిపోతుంది, జెలటిన్ వేస్తే త్రికోణం పెట్టి తీరాలి. మీ అమెరికాలో గవర్నమెంట్ అలాంటి గుర్తేదీ పెట్టమనదు, జెలటిన్ అని రాస్తారు గానీ అది ఏ జంతువుదో రాయక్కర్లేదు. కాబట్టి చిన్న అక్షరాలు చదవాల్సిందే. ఉదాహరణకి ఒక గమ్మీ ప్యాకెట్ మీద కార్న్ సిరప్, షుగర్, జెలటిన్, సిట్రిక్ యాసిడ్, పెక్టిన్ అని ఉందనుకోండి. పెక్టిన్ పళ్ళ నుంచి తీసేదే, మనం తినొచ్చు, కానీ అది కనపడగానే హమ్మయ్య అనుకుని ఆగిపోకండి, రెండూ కలిపి వేసేవాళ్ళున్నారు, లిస్ట్ చివరిదాకా చదవండి. జెలటిన్ లేకుండా పెక్టిన్ ఒక్కటే ఉంటే జెల్లీకి సంబంధించి భయం లేదు. యూదుల ఆహార నియమాల ప్రకారం కోషర్ అనో, హలాల్ అనో రాసి ఉన్నా అది వెజ్ అని కాదు, చేప జెలటిన్, ఆవు జెలటిన్ కూడా అలా రావచ్చు. ఫ్రాస్టెడ్ పాప్-టార్ట్స్‌లో కూడా జెలటిన్ ఉంటుంది, పొద్దున్నే బ్రేక్‌ఫాస్ట్‌కి తినేదాంట్లో ఉంటుందని ఎవరనుకుంటారు చెప్పండి!

ఇక చీజ్ చిప్స్ సంగతి. డెయిరీలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. చీజ్ చేసేటప్పుడు పాలని గడ్డ కట్టించడానికి వాడే రెన్నెట్ పాతకాలం నుంచీ పాలు తాగే లేగదూడని కోసి దాని నాలుగో పొట్టలోంచి తీసేవాళ్ళు, దూడ తాగిన పాలు కడుపులో పేరుకోవడానికి ఆ ఎంజైమ్ ఉంటుంది. ఇటలీ పార్మిజానో రెజియానోకి ఇప్పటికీ దూడ రెన్నెట్టే వాడాలని రూల్. అయితే 1990లో అమెరికా అదే ఎంజైమ్‌ని సూక్ష్మజీవులతో తయారుచేసి వాడటానికి ఒప్పుకుంది, ఇప్పుడు అక్కడి చీజ్ చాలావరకు దాంతోనే చేస్తున్నారు. చిక్కేంటంటే లేబుల్ మీద ఉత్త ఎంజైమ్స్ అని రాసి వదిలేస్తారు, దూడదో కాదో దాన్నిబట్టి తెలియదు. మైక్రోబియల్ అనో వెజిటేరియన్ రెన్నెట్ అనో రాసి ఉంటే కొనండి, ఉత్త ఎంజైమ్స్ అనే ఉంటే కంపెనీకి మెయిల్ పెట్టి అడగమని అమ్మకి చెప్పండి. పనీర్‌కి ఈ గొడవ లేదు, మామూలుగా నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో పాలు విరగ్గొట్టి చేసేదే.

ప్రేమతో,
తాతయ్య