గోడ మీద బూతును ఎవరు చెరిపారు?

అనువాదంలో బూతులు ఉంచాలా, తీసేయాలా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఈ వాదనకు మూలం నా లెక్కలో జర్మనీలో ఉంది, 1962లో.

ఆ ఏడాది జర్మన్ నవలాకారుడు హైన్‌రిష్ బోల్, అమెరికా రచయిత శాలింజర్ రాసిన ‘ద క్యాచర్ ఇన్ ద రై’ నవలకు 1954 నాటి జర్మన్ అనువాదాన్ని సవరించి ఇచ్చాడు. దానికి ఆధారం అమెరికా ప్రతి కాదు, బూతుల్ని కత్తిరించిన బ్రిటిష్ ప్రతి. అంటే కత్తెర జర్మన్ దాకా రాకముందే పడింది. పాఠకుడు ఉలిక్కిపడకూడదన్న బ్రిటిష్ ప్రచురణకర్తల జాగ్రత్త అర్థం కానిదేమీ కాదు. కానీ ఆ కోత ఎక్కడ పడిందో చూడండి.

25వ అధ్యాయంలో, కథ చెప్పే కుర్రాడు హోల్డెన్ తన చెల్లి ఫీబీ చదివే బడికి వెళ్తాడు. గోడ మీద ‘ఫక్ యూ’ అని రాసి ఉంటుంది. చిన్నపిల్లలు దాన్ని చూస్తారని, ఎవడో అర్థం కూడా చెప్తాడని తలుచుకుని అల్లాడిపోయి చేత్తో తుడిచేస్తాడు. ఇంకోచోట అదే మాట కత్తితో చెక్కి ఉంటుంది, ఎంత రుద్దినా పోదు. పిల్లలకు ఆ మాట కనపడకూడదని తపించేది హోల్డెనే. అతని కంటే ముందే ప్రచురణకర్త చెరిపేస్తే అతని కోపానికి కారణమే మిగలదు. 2003లో ఐకె షోన్‌ఫెల్డ్ అమెరికా ప్రతి నుంచే జర్మన్‌లోకి కొత్తగా అనువదించాడు.

తెలుగులో అయితే ఆ గోడ మాటను నేను ‘ఫక్ యూ’ అనే ఉంచుతాను. అది న్యూయార్క్ గోడ. దాని బదులు తల్లిని తిట్టే మన బూతు పెడితే ఊరు మారిపోతుంది, మూలంలో లేని తల్లి తిట్టు కథలోకి వస్తుంది. కులం పేరుతో తిట్టడం ఇంకా ఘోరం. మూలంలో లేని గాయం అది, చదివేవాళ్లలో కొందరికే తగులుతుంది.

హోల్డెన్ మాటిమాటికీ వాడే ‘గాడ్‌డామ్’ సంగతి వేరు. దేవుడి పేరు కలిసిన ఆ తిట్టుకు అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. అతనికి మాత్రం అది నోటి అలవాటు. దానికి ‘దిక్కుమాలిన’ దాదాపు అతికినట్టు సరిపోతుంది, కానీ ప్రతిసారీ పెడితే వాక్యం నడవదు. మనకు ‘గాడు’ ఉంది. హోల్డెన్ తన హాస్టల్ గదిలో తోటివాడిని ‘ఆ స్ట్రాడ్‌లేటర్‌గాడు’ అంటే చాలు, బూతు లేకుండానే కసి వినిపిస్తుంది. ‘వెధవ’తో మాత్రం జాగ్రత్త. అలవాటుగా అనేస్తాం గానీ, ఆ మాట పుట్టింది విధవ నుంచే.

ఏది ఉంచాలో తేలనప్పుడు నేను సన్నివేశంలో ఉన్నవాళ్లను చూస్తాను. వాళ్లు ఉలిక్కిపడితే పాఠకుడూ ఉలిక్కిపడాలి. వాళ్లెవరూ పట్టించుకోని మాటకు పాఠకుడు పుస్తకం మూసేస్తే, అక్కడ అనువాదకుడు మూలం కంటే బరువైన మాట పెట్టాడన్నమాట.