మార్కులు నిలకడగా వస్తే చాలా? తరగతి పరీక్షలపై కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒకే పరీక్షను రెండుసార్లు పెట్టినప్పుడు దాదాపు అవే మార్కులు వస్తే, అది మంచి పరీక్షే.

వాస్తవం: అలా వస్తే పరీక్షకు విశ్వసనీయత ఉందని మాత్రమే చెప్పగలం. మనం కొలవాలనుకున్న సామర్థ్యాన్నే అది కొలిచిందా అన్నది సప్రమాణతకు సంబంధించిన ప్రశ్న. ఏడో తరగతి పిల్లలకు భిన్నాల కూడికలు, తీసివేతలు ఎంతవరకు వచ్చాయో తెలుసుకోవడానికి 20 మార్కుల ప్రశ్నపత్రం తయారుచేశామని, అందులోని ప్రశ్నలన్నీ నాలుగైదు వాక్యాల పద సమస్యలేనని అనుకుందాం. ఒక విద్యార్థికి మొదటిసారి 6, మూడు వారాల తర్వాత 7 వచ్చాయి. నిలకడలో లోపం లేదు. ఆ సమస్యల్లోని లెక్కలనే మాటలు తీసేసి, 3/4 - 1/2 లాగా అంకెల్లో ఇస్తే అతనికి 17 వచ్చాయనుకోండి. అతని ఇబ్బంది భిన్నాల్లో లేదు, ప్రశ్నను చదివి అర్థం చేసుకోవడంలో ఉంది. పాత మార్కులనే నమ్మితే, వచ్చిన భిన్నాలనే అతనికి మళ్లీ బోధించి, అసలు అవసరమైన పఠన సాధనను వదిలేస్తాం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే పొరపాటు. అనుమానం వచ్చినప్పుడు నేను తక్కువ మార్కులు వచ్చిన ఐదారుగురిని పిలిచి, అవే ప్రశ్నలను పైకి చదివి వినిపిస్తాను. విన్నాక వారిలో ఎక్కువమంది సరిగా చేస్తే, లోపం ప్రశ్నపత్రంలో ఉన్నట్లే. అయితే పద సమస్యల సాధనే ఆ పాఠం లక్ష్యమైతే అదే పత్రానికి సప్రమాణత ఉంటుంది, ఎందుకంటే మార్కులను దేనికి వాడుతున్నామో దాన్నిబట్టే సప్రమాణతను నిర్ణయించాలి.

అపోహ: విశ్వసనీయతను లెక్కించాలంటే పరీక్షను రెండోసారి పెట్టక తప్పదు.

వాస్తవం: ఒక్కసారి పెట్టిన పరీక్షనే రెండు సగాలుగా విడదీయవచ్చు. 20 ప్రశ్నల పరీక్షలో బేసి సంఖ్య ప్రశ్నల మార్కులకు, సరి సంఖ్య ప్రశ్నల మార్కులకు మధ్య, అవి ఎంతగా కలిసి పెరుగుతాయో తగ్గుతాయో చూపే సహసంబంధ గుణకం 0.60 వచ్చిందనుకుందాం. చాలామంది ఛాత్రోపాధ్యాయులు ఇక్కడే ఆగిపోతారు, కానీ ఇది 10 ప్రశ్నల సగం పరీక్షకు చెందిన విలువ. మనోవిజ్ఞానవేత్తలు స్పియర్‌మన్, బ్రౌన్ 1910లో విడివిడిగా ప్రచురించిన సూత్రం ప్రకారం మొత్తం పరీక్ష విశ్వసనీయత 2 × 0.60 ÷ (1 + 0.60), అంటే 0.75 అవుతుంది. సమయం చాలక చాలామంది చివరి ప్రశ్నలు వదిలేసిన పరీక్షకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వదిలేసిన ప్రశ్నలు రెండు సగాల్లోనూ సమానంగా పడి, లేని నిలకడను ఉన్నట్లు చూపిస్తాయి.

అపోహ: ప్రశ్నల సంఖ్య పెంచితే సప్రమాణత కూడా పెరుగుతుంది.

వాస్తవం: అదే రకం ప్రశ్నలు మరో 20 చేరిస్తే, అదే సూత్రం ప్రకారం 0.75 ఉన్న విశ్వసనీయత సుమారు 0.86కు చేరుతుంది. కానీ పై భిన్నాల పత్రానికి మరో 20 పద సమస్యలు చేర్చితే, ఆ విద్యార్థి పఠన లోపాన్నే ఇంకా కచ్చితంగా కొలిచి, దానికి భిన్నాల మార్కులని పేరు పెట్టినట్లవుతుంది.