టీమ్స్‌లో ఛానెల్ డిలీట్ చేశాక ఉండే 30 రోజులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఓనర్ ఛానెల్ డిలీట్ చేస్తే అందులో ఉన్నదంతా అప్పుడే పోతుంది.

వాస్తవం: మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో డిలీట్ చేసిన ఛానెల్ 30 రోజులు తెర వెనకే ఉంటుంది. ఆ గడువులో వెనక్కి తెస్తే మాట్లాడుకున్న పోస్టులతో సహా తిరిగొస్తుంది. దాటితే శాశ్వతంగా పోతుంది, ఎవరిని బతిమాలినా రాదు.

ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసు ఉందనుకుందాం. చీమకుర్తి నుంచి వచ్చే పలకల ఫొటోలు, ప్యాకింగ్ లిస్టులు Shipping అనే ఛానెల్‌లో పెడుతున్నారు. జూన్ 3న ఒకరు దాన్ని పొరపాటున తీసేశారు. జూలై 1న పాత లిస్టు అవసరమైంది. 28 రోజులే అయింది కాబట్టి ఇంకా చేతిలో ఉన్నట్టే. టీమ్ పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Manage team, అందులో Channels తెరిస్తే కింద Deleted అనే భాగం కనిపిస్తుంది. అక్కడ ఆ ఛానెల్ ఎదురుగా Restore నొక్కాలి. తీసేసినవాళ్లే చేయనక్కర్లేదు, టీమ్ ఓనర్లలో ఎవరైనా చేయొచ్చు. జూలై 3 వరకూ ఆగకుండా ఆ రోజే చేసేయండి.

అపోహ: అదే పేరుతో కొత్త ఛానెల్ పెట్టుకుంటే సరిపోతుంది.

వాస్తవం: ఆ 30 రోజులూ పేరు పాత ఛానెల్‌దే, కొత్తదానికి ఇవ్వదు. ఛానెల్ జాబితాలో లేకపోయినా "ఈ పేరు ఉంది" అంటోందంటే, పాతది ఇంకా గడువులోనే ఉందని గుర్తు. వేరే పేరు వెతికే ముందు Deleted చూడండి.

అపోహ: ఛానెల్ తిరిగొస్తే ఫైళ్లూ వచ్చినట్టే.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మామూలు ఛానెల్ ఫైళ్లు టీమ్ షేర్‌పాయింట్ సైట్‌లో, ఛానెల్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. ఛానెల్ డిలీట్ చేసినా ఆ ఫోల్డర్ అక్కడే ఉంటుంది. అయితే "ఛానెల్ లేదు కదా, ఇదెందుకు" అని ఎవరో ఒకరు దాన్నీ తుడిచేస్తారు. అప్పుడు ఛానెల్ తెచ్చాక పోస్టులు కనిపిస్తాయి గానీ Files తెరవబోతే ఎర్రర్ వస్తుంది. అలాంటప్పుడు షేర్‌పాయింట్ సైట్‌లో Recycle bin తెరిచి ఫోల్డర్‌ను విడిగా Restore చేయాలి. దీని గడువు వేరు, ఫోల్డర్ తీసేసిన రోజు నుంచి 93 రోజులు. ఈ 93 అంకె విని ఛానెల్‌కూ అంతే ఉందనుకుని తాత్సారం చేసేవాళ్లున్నారు. అలా ఆగితే ఫైళ్లు దక్కుతాయేమో గానీ పోస్టులు దక్కవు.

ప్రైవేట్ ఛానెల్ సంగతి వేరు. దానికి సొంత షేర్‌పాయింట్ సైట్ ఉంటుంది కాబట్టి ఛానెల్‌తో పాటే ఫైళ్లూ పోతాయి. అక్కడ 30 రోజుల లెక్క ఇంకా కచ్చితంగా చూసుకోవాలి.

వాడకం అయిపోయిన ఛానెల్‌ను కళ్ల ముందు నుంచి తప్పించడమే మీకు కావలసింది అయితే, డిలీట్ జోలికి పోకుండా Archive channel వాడండి. కొత్త పోస్టులు పడవు, పాతవి చదువుకోవచ్చు, గడువు అనేదే ఉండదు.