రాయి పగిలే దెబ్బకి సౌండ్ కట్టడం: అపోహలు - వాస్తవాలు

నేను ఒంగోల్లో ఉండి షార్ట్ యానిమేషన్లకి సౌండ్ చేస్తా ఉంటాను. ఈమధ్య చేసింది చీమకుర్తి గ్రానైట్ క్వారీలో జరిగే ఫైట్. హీరో క్వారీలో మెట్టులా కోసిన పై బెంచీ మీంచి దూకి ఒక్క గుద్దు గుద్దితే విలన్ పోయి నల్లరాయి బ్లాకుకి కొట్టుకుంటాడు, బ్లాకు పగులుద్ది. కొత్తగా నేర్చుకునే పిల్లలు అడిగేవన్నీ ఈ ఒక్క దెబ్బలోనే ఉన్నాయి కాబట్టి దీన్నే పట్టుకుని చెప్తా.

అపోహ: దెబ్బ గట్టిగా వినపడాలంటే పంచ్ సౌండ్లు పదో పదిహేనో ఒకదాని మీద ఒకటి వేసి వాల్యూమ్ పెంచాలి.

వాస్తవం: ఎన్ని వేస్తే అంత మెత్తబడిపోద్ది, ఎందుకంటే అన్నీ ఒకే చోట పడి ఒకదాన్నొకటి కప్పేస్తాయి. నాకు ఐదు లేయర్లు సరిపోయినాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో పని. మొదటిది తగిలినట్టు చెప్పే "టప్", తడి టవల్‌ని బండ మీద కొట్టి రికార్డు చేశా, దాంట్లో 500 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేశా. రెండోది ఒళ్ళు, అంటే ఊక నింపిన గోతం మీద పిడికిలి గుద్దు, దానికి 100 నుంచి 400 హెర్ట్జ్ దాకా చోటిచ్చా. మూడోది 55 హెర్ట్జ్ దగ్గర చిన్న "ధుమ్", మొదటి టప్ మీద పడకుండా 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా పెట్టా. నాలుగోది రాయి పగులు, ఐదోది రాలే ముక్కలు.

ఇప్పుడు అసలు చిక్కు రెండు, మూడు లేయర్ల మధ్య వచ్చింది. విడివిడిగా వింటే రెండూ బరువుగానే ఉన్నాయి, కలిపితే బరువు పోయింది, అంటే ఒకదాని వేవ్ పైకి పోతా ఉంటే ఇంకోదాని వేవ్ కిందికి పోయి కొట్టేసుకుంటున్నాయి. ఇట్లాంటప్పుడు ఈక్యూ జోలికి పోబాకండి, ఒక లేయర్‌కి పోలారిటీ తిప్పి, అంటే దాని వేవ్‌ని తలకిందులు చేసి, మోనోలో వినండి, బరువు తిరిగొస్తే అట్లాగే ఉంచండి, సగమే వస్తే ఆ లేయర్‌ని రెండు మూడు మిల్లీసెకన్లు అటూ ఇటూ జరిపి చూడండి.

అపోహ: పెద్ద రాయి సౌండ్ కావాలంటే పెద్ద రాయే పగలగొట్టాలి.

వాస్తవం: పాలిషింగ్ యూనిట్ల బయట పారేసే గ్రానైట్ ముక్కలు చాలు. అరచేతిలో పట్టే రెండు ముక్కల్ని గట్టిగా రాపిడి చేసి చివర్లో ఒక్క కొట్టుడు కొట్టి, 96 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌లో రికార్డు చేసి ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగానికి, దించితే అది మనిషెత్తు బ్లాకు లాగా వినపడద్ది. అయితే మామూలు మైకు 20 కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా పట్టుకోదు, కాబట్టి దించిన తర్వాత 10 కిలోహెర్ట్జ్ పైన ఖాళీ అయిపోయి దుప్పటి కప్పినట్టు ఉంటది. ఆ ఖాళీని ఐదో లేయర్ పూడుస్తది: చిన్న చిప్స్‌ని పిచ్ మార్చకుండా బండ మీద పోసిన సౌండ్. ముందు పెద్ద ముక్కలు, ఆ తర్వాత చిన్నవి, ఆఖర్న పొడి రాలాలి, అన్నీ ఒకేసారి పడితే కంకర లారీ ఎత్తినట్టు ఉంటది.

అపోహ: పిడికిలి తగిలిన ఫ్రేము మీద సౌండ్ పెడితే సింక్ అయిపోద్ది.

వాస్తవం: చాలా యానిమేషన్లలో తగిలే ఫ్రేము అసలు గీయనే గీయరు! పిడికిలి ఇంకా దూరంగా ఉన్న ఫ్రేము, దాని తర్వాత మొహం అప్పటికే వంకరపోయిన ఫ్రేము, అంతే. నేను ఆ మొహం కదిలిన మొదటి ఫ్రేము మీద టప్ పెడతా. సెకనుకి 24 ఫ్రేముల్లో ఒక్కోటి దాదాపు 42 మిల్లీసెకన్లు, ఒక ఫ్రేము ముందొచ్చినా ఇంత వేగం సీన్లో కన్ను పట్టేస్తది. చెయ్యి విసిరే గాలి సౌండ్, చొక్కా గుడ్డ సౌండ్ దానికి ముందు పెరుగుతా వచ్చి టప్ దగ్గర టక్కున ఆగిపోవాలి, తోక మిగిలితే దెబ్బ మసకబారుద్ది.

అపోహ: యాంబియెన్స్ అంటే వెనకాల ఒక ట్రాక్ పరిచేయడమే.

వాస్తవం: యానిమేషన్‌కి షూటింగ్ సౌండ్ ఉండదు కాబట్టి గాలి కూడా మనమే కట్టాలి. నేను కింద క్వారీ గుంతలో తిరిగే గాలి పరిచి, దాని మీద దూరంగా కంప్రెసర్, డ్రిల్లింగ్, అక్కడక్కడా కాకి పెట్టా. లూప్ తిరిగినప్పుడల్లా అదే కాకి అదే చోట అరిస్తే చెవి కనిపెట్టేస్తది, అందుకే అట్లాంటివి కింద పరిచిన ట్రాక్‌లోంచి తీసేసి విడిగా చేత్తో పెట్టాలి. దెబ్బకి ఎనిమిది ఫ్రేముల ముందు నుంచి ఈ మొత్తాన్నీ 6 డీబీ కిందికి దించా, డ్రిల్లింగ్ అయితే పూర్తిగా ఆపేశా. దెబ్బ మీద వాల్యూమ్ కాస్త కూడా ముట్టుకోలేదు, అయినా రెట్టింపు అయినట్టు వినపడింది. రాళ్ళు రాలడం అయిపోయాకే గాలి మెల్లగా వెనక్కొస్తది.

ఇంకోటి, మన జనం ఎక్కువగా చూసేది ఫోన్లో. ఆ 55 హెర్ట్జ్ ఫోన్ స్పీకర్లో రానే రాదు. దానికి కొంచెం శాచురేషన్, అంటే లైట్‌గా డిస్టార్షన్, ఇస్తే 110, 165, 220 దగ్గర పిల్ల స్వరాలు పుడతాయి, వాటిని బట్టి కింద బరువుందని చెవే అనుకుంటది. శాచురేషన్ ఎక్కువైతే రాయి కాస్తా రేకు డబ్బా అయిపోద్ది, కాబట్టి హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, ఫోన్లో ఒకసారి మార్చి మార్చి వింటా సరిచెయ్యండి.