బాండు కొంటే డబ్బు ఎలా పెరుగుతుంది: 1922 నాటి ఓ చిక్కుముడి

2021 ఏప్రిల్ 15న రిజర్వు బ్యాంకు రూ.25,000 కోట్ల ప్రభుత్వ బాండ్లు కొంది. దీనికి అది ఎవరి దగ్గరా అప్పు తేలేదు, ఖజానా తెరవలేదు. అమ్మినవాళ్ల బ్యాంకుల ఖాతాల్లో అంకె పెంచింది, అంతే. ఆ అంకె మహిమ అమెరికన్లకు వందేళ్ల కిందటే తెలిసొచ్చింది, అదీ వేరే పనిలో ఉండగా.

అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు కింద 12 ప్రాంతీయ బ్యాంకులుండేవి. వాణిజ్య బ్యాంకులకిచ్చే అప్పుల మీది వడ్డీయే వాటికి ముఖ్య ఆదాయం. 1921 తర్వాత ఆ అప్పులు బాగా తగ్గిపోయాయి. ఖర్చులు గడవాలి కదా, అందుకని ఎవరికి వారు ప్రభుత్వ బాండ్లు కొనడం మొదలుపెట్టారు. విచిత్రమేమిటంటే, ఎన్ని కొన్నా మొత్తం రాబడి పెద్దగా పెరగలేదు. బాండ్లకు ఇచ్చిన సొమ్ము వాణిజ్య బ్యాంకుల చేతికి చేరేది. వాళ్లు దాన్నే తెచ్చి ఫెడరల్ రిజర్వుకున్న పాత బాకీ తీర్చేసేవారు. ఒక జేబులో వచ్చిన వడ్డీ ఇంకో జేబులో పోయేది. కొనుగోలు వల్ల బ్యాంకుల నిల్వలు పెరుగుతున్నాయని అప్పుడు అర్థమైంది. 1922 మేలో ఈ కొనుగోళ్లను కలిపి చేయడానికి ఒక కమిటీ వేశారు. దానికి ముందు నడిచింది న్యూయార్క్ శాఖ గవర్నర్ బెంజమిన్ స్ట్రాంగ్.

లెక్క మన దగ్గరా ఇంతే. ఒక బ్యాంకు తన రూ.100 కోట్ల బాండును రిజర్వు బ్యాంకుకు అమ్మిందనుకోండి. రిజర్వు బ్యాంకులో ఆ బ్యాంకుకున్న కరెంటు ఖాతాలో రూ.100 కోట్లు జమవుతాయి. నిల్వలు పెరిగాయి, కానీ జనం డిపాజిట్లు ఒక్క రూపాయీ పెరగలేదు. అదే బాండును ఒక బీమా సంస్థ అమ్మితే కథ మారుతుంది. సంస్థ ఖాతాలో రూ.100 కోట్ల డిపాజిట్ చేరుతుంది, ఆ సంస్థ బ్యాంకుకు రిజర్వు బ్యాంకులో అంతే నిల్వ చేరుతుంది. ద్రవ్య సరఫరా అక్కడికక్కడే పెరిగింది. నగదు నిల్వ నిష్పత్తి 4 శాతమైతే, ఆ డిపాజిట్‌కు రూ.4 కోట్లు పక్కన పెట్టాలి, రూ.96 కోట్లు మిగులు. ఆ మిగులు చూసుకుని బ్యాంకు అప్పిస్తే, అప్పు తీసుకున్నవాడి ఖాతాలో కొత్త డిపాజిట్ పుడుతుంది. సరఫరా ఇంకాస్త పెరుగుతుంది.

అప్పు, డిపాజిట్, మళ్లీ అప్పు అనే ఈ గుణకారాన్ని పాఠ్యపుస్తకాలు చివరిదాకా లాగుతాయి. నాకది ఎప్పుడూ అనుమానమే. అప్పు అడిగేవాడు రావాలి, ఇచ్చేవాడికి ధైర్యం ఉండాలి. 2021లో అదే తేలింది: బ్యాంకులు లక్షల కోట్ల మిగులును 3.35 శాతానికి రివర్స్ రెపోలో మళ్లీ రిజర్వు బ్యాంకు దగ్గరే పెట్టాయి. కొనుగోలు ఎంతవరకు పాకిందో చూడాలంటే రిజర్వు బ్యాంకు లెక్కల్లో చలామణిలోని నగదూ బ్యాంకుల నిల్వలూ కలిసిన రిజర్వు మనీ పక్కన, జనం నగదూ డిపాజిట్లూ కలిసిన ఎం3ని, బ్యాంకు రుణాలను పెట్టి చూడాలి. మొదటిది పెరిగి, మిగతా రెండూ నెమ్మదిగా ఉంటే, సొమ్ము ఇంకా బ్యాంకుల దగ్గరే ఉందన్నమాట.