పాచికలో మోసముందా? కై-స్క్వేర్ పరీక్షపై అపోహలు - వాస్తవాలు

వచ్చిన సంఖ్యలకూ ఆశించిన సంఖ్యలకూ ఉన్న తేడా కేవలం యాదృచ్ఛికమేనా అని చూసేదే కై-స్క్వేర్ పరీక్ష.

అపోహ: ఏదైనా ముఖం 5 సార్లకంటే తక్కువ పడితే దాన్ని పక్క ముఖంతో కలిపేయాలి.

వాస్తవం: ఆ 5 లెక్క పడిన సంఖ్యకు కాదు, పడాలని ఆశించిన సంఖ్యకు. స్టాటిస్టిక్స్ క్లాసులో నేను ఎక్కువగా దిద్దేది ఈ తప్పునే. పాచికను 60 సార్లు వేస్తే 1 నుంచి 6 వరకు వరసగా 4, 8, 9, 11, 12, 16 వచ్చాయనుకుందాం. 1 నాలుగుసార్లే పడినా, ఆశించింది ప్రతి ముఖానికీ 10 కాబట్టి ఏదీ కలపనక్కర్లేదు. తేడాల వర్గాలు 36, 4, 1, 1, 4, 36. వాటి మొత్తం 82ను ఆశించిన 10తో భాగిస్తే 8.2, ఇదే కై-స్క్వేర్ విలువ. ఆరు ముఖాలకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే ముఖాల సంఖ్యకు ఒకటి తక్కువ, 5. కాబట్టి 5% స్థాయిలో, అంటే మంచి పాచిక కూడా నూటికి ఐదుసార్లే దాటే హద్దు, పట్టిక ప్రకారం 11.07. మనది దాటలేదు.

అపోహ: దాటలేదంటే పాచిక మంచిదని రుజువైనట్టే.

వాస్తవం: మోసం ఉందనడానికి ఆధారం చాల్లేదు, అంతే. ఇవే నిష్పత్తులు 600 సార్లలో వస్తే విలువ 82 అవుతుంది. అప్పుడు మోసముందనడంలో అనుమానానికి తావే ఉండదు.

అపోహ: గళ్లు కలపడం, అంటే కొన్ని ఫలితాల లెక్కలను ఒకటిగా చేయడం, వట్టి లాంఛనం.

వాస్తవం: ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త వెల్డన్ పాచికల లెక్క చూడండి. ఆయన 12 పాచికలను ఒకేసారి వేస్తూ, అలా 26,306 సార్లు వేసి, ప్రతిసారీ ఎన్నింటి మీద 5 గానీ 6 గానీ పడిందో రాసుకున్నాడు. 1900లో స్టాటిస్టిక్స్ నిపుణుడు కార్ల్ పియర్సన్ ఈ పరీక్షను ప్రకటించినప్పుడు వాడుకున్న ఉదాహరణల్లో ఇదొకటి. పాచికలు సరైనవైతే 11 పాచికల మీద అలా పడటం మొత్తమ్మీద 1.19 సార్లే జరగాలి. జరిగింది 4 సార్లు. ఆ ఒక్క గడి నుంచే కై-స్క్వేర్‌కు సుమారు 6.6 చేరుతుంది. వేల సార్లు జరిగిన గళ్లలో కూడా ఏదీ దీన్ని పెద్దగా మించదు! ఆశించిన సంఖ్య అంత చిన్నదైనప్పుడు కై-స్క్వేర్ పట్టికను నమ్మలేం. అందుకే 10, 11, 12లను ఒకే గడిగా కలుపుతాం: ఆశించింది 14.3, వచ్చింది 18, మొత్తానికి చేరేది 0.95 మాత్రమే. 0 నుంచి 12 వరకు ఉన్న గళ్లు 13 నుంచి 11కి తగ్గాయి కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ కూడా 12 నుంచి 10కి తగ్గించాలి. చాలామంది ఇది మర్చిపోతారు. చివరికి విలువ 35.5, హద్దు 18.3. అంటే ఆ తోక గళ్లను కలిపేశాక కూడా వెల్డన్ పాచికలు పరీక్షలో నిలబడలేదు. నిజానికి 5, 6లు మూడో వంతు కాదు, 33.77% పడ్డాయి.

అపోహ: ఒకే పాచికను 24 సార్లు వేస్తే ఆశించింది 4, కాబట్టి ముఖాలను జతలుగా కలిపేయొచ్చు.

వాస్తవం: కలపకండి. 6 ఎక్కువగా పడేలా బరువు పెట్టిన పాచికలో దాని ఎదుటి ముఖం 1 తక్కువ పడుతుంది. ఆ రెండూ కలిపితే మోసం ఒకదానికొకటి చెల్లిపోయి కనపడదు. వెల్డన్ లెక్కలో 10, 11, 12 వరసలో పక్కపక్కనున్న అంకెలు కాబట్టి కలపడానికి అర్థముంది. ఇక్కడ అయితే ఇంకో ఆరుసార్లు వేస్తే ఆశించింది 5 అవుతుంది, గొడవే ఉండదు. ఏ గళ్లు కలపాలన్నది ఎక్కడైనా ఫలితాలు చూడకముందే, ఆశించిన సంఖ్యలను బట్టి తేల్చుకోవాలి. చూశాక కలిపితే మనక్కావలసిన జవాబొచ్చేదాకా కలుపుతూ పోవచ్చు.