ఇంజినీరింగ్ మేనేజర్ ఇంటర్వ్యూ: అపోహలు - వాస్తవాలు

ఇంజినీరింగ్ మేనేజర్ ఇంటర్వ్యూలో మూడు ప్రశ్నలు దాదాపు తప్పవు. మనుషుల్ని ఉద్యోగంలోకి ఎలా తీసుకుంటారు, నచ్చని మాట ఎలా చెబుతారు, ప్రాధాన్యాలు వారానికోసారి మారుతుంటే టీమ్‌ని ఎలా కాపాడతారు. నేను కూర్చునేది ప్యానెల్ వైపు. బాగా పనిచేసే మేనేజర్లు కూడా ఇక్కడ సూత్రాలు వల్లించి వెళ్లిపోతుంటారు. మాకు కావాల్సింది వాళ్లు నిజంగా ఏం చేస్తారో, ఏ క్రమంలో చేస్తారో.

అపోహ: "పది నిమిషాలు మాట్లాడితే మనిషిని పట్టేస్తాను" అంటే అనుభవం కనిపిస్తుంది.

ఈ మాట వినగానే నేను అడిగేది ఒకటే: "మరి మీరు సెలవులో ఉన్న రోజు మీ టీమ్‌లో ఇంకొకరు ఇంటర్వ్యూ చేస్తే?" చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ల పద్ధతి వాళ్ల బుర్రలోనే ఉంది, కాగితం మీద లేదు. అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు వేసి, ముందే రాసిపెట్టుకున్న కొలమానంతో మార్కులేసే ఇంటర్వ్యూ చూడ్డానికి చప్పగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. మనస్తత్వ పరిశోధకుడు పాల్ సాకెట్ బృందం 2022లో పాత అధ్యయనాలను మళ్లీ లెక్కగట్టినప్పుడు, ఉద్యోగంలో పనితీరును అంచనా వేసే పద్ధతుల్లో ముందు నిలిచింది ఇదే.

జవాబులో ఇలాంటిది వినిపిస్తే మాకు చాలు: "ఆన్‌కాల్ ఉన్న టీమ్ కాబట్టి సమస్య మూలం వెతకడం వచ్చినవాళ్లు కావాలి. అందరికీ ఒకే ప్రశ్న వేస్తాం: ఎర్రర్లు లేవు, లేటెన్సీ మాత్రం రెట్టింపయింది, ఏం చేస్తారు? సర్వర్ రీస్టార్ట్ చేస్తానంటే 1 మార్కు. ఈ మధ్య ఏం డిప్లాయ్ అయిందో, డేటాబేస్ కనెక్షన్లు ఎలా ఉన్నాయో చూస్తానంటే 3. తన అనుమానం ఏంటో, అది తప్పని ఎలా తేలుతుందో కూడా చెబితే 4." ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే మార్కులు, కారణాలు రాసి పెట్టేయాలి. డీబ్రీఫ్‌లో అందరికన్నా జూనియర్ ముందు మాట్లాడాలి, లేకపోతే సీనియర్ అన్నదానికే అందరూ తలూపుతారు.

అపోహ: చేదు మాటని రెండు పొగడ్తల మధ్య పెట్టి చెప్పాలి.

ఇంటర్వ్యూలో ఇది చెప్పేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. అలా చెబితే కొందరికి పొగడ్త మాత్రమే గుర్తుంటుంది, తెలివైనవాళ్లకు పొగడ్త వినగానే టెన్షన్ మొదలవుతుంది. సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ వాళ్ల పద్ధతి దీనికన్నా నయం: ఎప్పుడు జరిగింది, మీరు ఏం చేశారు, దానివల్ల ఏమైంది. అంతవరకే. "మీ వైఖరి బాగాలేదు" అన్నది ఇందులో ఎక్కడా ఇమడదు, అందుకే ఆ పద్ధతి పనిచేస్తుందని నా అభిప్రాయం.

సీనియర్ ఇంజినీర్‌తో మాట్లాడుతున్నారనుకుందాం. "మంగళవారం ఆ పుల్ రిక్వెస్ట్‌లో 'ఇలా ఎవరైనా రాస్తారా' అని కామెంట్ పెట్టారు. అప్పట్నుంచి ఆ కోడ్ రాసినతను రివ్యూకి మిమ్మల్ని పెట్టడం లేదు. లెడ్జర్ కోడ్ బాగా తెలిసింది మీకే, అది మీరు చూడకుండానే మెర్జ్ అవుతోంది." ఇక్కడ ఆగిపోవాలి, అవతలి మనిషిని మాట్లాడనివ్వాలి. ఈ మౌనం భరించలేక "పర్లేదులెండి, మీరు మంచివారే" అని సర్దేస్తే చెప్పిందంతా వృథా. తర్వాత ఏం మారాలో ఇద్దరూ ఒప్పుకుని, రెండు వారాల తర్వాత మళ్లీ చూద్దామని తేదీ పెట్టుకోవాలి. ప్యానెల్ వేసే తర్వాతి ప్రశ్న కూడా ఇక్కడే ఉంటుంది: "ఆ రెండు వారాల్లో ఏమీ మారకపోతే?" దీనికి జవాబు లేకపోతే ముందు చెప్పినదంతా పుస్తకంలో చదివిందేమో అనిపిస్తుంది.

అపోహ: టీమ్‌ని కాపాడటమంటే పైవాళ్లకు "కుదరదు" అని చెప్పగలగడం.

"నేను గోడలా నిలబడ్డాను" అనే అభ్యర్థులంటే నాకు కొంచెం భయం. గోడ ఎక్కువ రోజులు నిలవదు, పైవాళ్లు పక్కదారిలో నేరుగా ఇంజినీర్‌కే మెసేజ్ పెడతారు. పైగా కొత్త పని కొన్నిసార్లు నిజంగానే ముఖ్యం. మేనేజర్ చేయాల్సిందల్లా మార్పు ఖరీదు ఎంతో నిర్ణయం తీసుకునేవాళ్ల ముందు పెట్టడం.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఆరుగురి టీమ్, రెండు వారాల స్ప్రింట్, అంటే కాగితం మీద 60 పనిదినాలు. ఆన్‌కాల్‌కి ఒకరు పోతే 50. సెలవులు, మీటింగులు, రివ్యూలు పోగా 40కి మించి చేతిలో ఉండవు. ఇద్దరు రిఫండ్ల ఆటోమేషన్ మీద ఉన్నారు, అది ఈ స్ప్రింట్ చివర విడుదల కావాలి. నాలుగో రోజు సేల్స్ హెడ్ నుంచి కబురు: పెద్ద కస్టమర్‌కి ఒక రిపోర్ట్ కావాలి, "చిన్న పనే, రెండు రోజులు".

మొదట మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరు మాటిచ్చారు, ఏ తేదీకి, ఆ తేదీ దాటితే ఏం జరుగుతుంది? అడిగితే తేలిందేమిటంటే కస్టమర్‌కి అది మూడు వారాల తర్వాత జరిగే ఆడిట్‌కి కావాలి. "వెంటనే" అన్న మాట మధ్యలో ఎవరో కలిపారు, ఇది మామూలే. ఇంకోవైపు ఇంజినీర్లను అడిగితే డేటా సగం పాత టేబుల్స్‌లో ఉంది, టెస్టింగ్‌తో కలిపి ఏడు రోజులు పడుతుందన్నారు. ఆ టేబుల్స్ తెలిసింది రిఫండ్ల మీద ఉన్నవాళ్లలో ఒకరికే.

అప్పుడు ప్రొడక్ట్ మేనేజర్‌కి, సేల్స్ హెడ్‌కి కలిపి ఒకే మెసేజ్:

"మూడు దారులున్నాయి. ఒకటి, ఇప్పుడే మొదలుపెడితే రిఫండ్ల విడుదల వచ్చే స్ప్రింట్‌కి జరుగుతుంది. రెండు, వచ్చే స్ప్రింట్‌లో మొదటి పనిగా చేస్తే ఆడిట్‌కి కొద్ది రోజుల ముందే అందుతుంది. మూడు, ఈ వారం ఒకరు ఒక పూట పని చేసి, క్వెరీతో డేటా తీసి ఫైల్‌గా పంపిస్తారు, అసలు రిపోర్ట్ వచ్చే స్ప్రింట్‌లో. నా సలహా మూడోది. రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి, అప్పటిదాకా ఏదీ ఆపం."

ఇందులో "కుదరదు" అన్న మాటే లేదు, కానీ ఊరికే వచ్చే పని కూడా లేదు. వాళ్లు ఒకటో దారి ఎంచుకున్నారనుకోండి, చేయాల్సిందే. కాకపోతే రిఫండ్ల తేదీ అదే రోజు అందరికీ కనిపించేలా మార్చాలి. పాత తేదీ అలాగే ఉంచి కొత్త పని కూడా నెత్తిన పెడితే, ఆ ఖరీదు టీమ్ రాత్రిళ్లు కూర్చుని కడుతుంది. "రెండూ చేద్దాం, కొంచెం కష్టపడితే అయిపోతుంది" అనే మేనేజర్‌ని ప్యానెల్ దాటించడం కష్టం.

సైట్ పడిపోతే, సెక్యూరిటీ లోపం బయటపడితే, చట్టం పెట్టిన గడువు ఉంటే ఈ బేరాలేవీ ఉండవు, ముందు పని, తర్వాత లెక్క. ఈ తేడా మేము అడక్కుండా తామే చెప్పే అభ్యర్థికి నా దగ్గర ఒక మార్కు ఎక్కువ.

అపోహ: పైన జరిగే గందరగోళం టీమ్‌కి తెలియనివ్వకూడదు.

తెలియాలి, కానీ ఖాయమయ్యాక. ప్రతి పుకారూ మోసుకొస్తే ఎవరికీ పని మీద మనసు నిలవదు. అలాగని ఏమీ చెప్పకుండా ఒక ఉదయం "అది ఆపేయండి, ఇది మొదలుపెట్టండి" అంటే, తర్వాతిసారి ఏ పనీ మనసుపెట్టి మొదలుపెట్టరు, ఎలాగూ ఆపేస్తారని. ఎవరు నిర్ణయించారు, ఎందుకు, ఆపిన కోడ్ ఏమవుతుంది అన్న మూడూ చెప్పాలి. చివరిది చాలామంది మరిచిపోతారు. సగం రాసిన బ్రాంచ్‌ని ఫీచర్ ఫ్లాగ్ వెనక మెర్జ్ చేస్తారా, పారేస్తారా అన్నది ఆ రోజే తేల్చకపోతే, రెండు నెలల తర్వాత దాన్ని మెయిన్‌తో కలపడానికి పట్టే రోజులు ఎవరి అంచనాలోనూ ఉండవు.